పెన్షన్ రాబడి తక్కువెందుకు? ఆ మిగతా డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది

మార్కెట్ బాగా పెరిగిన ప్రతిసారీ, లేదంటే జననాల రేటు ఇంకాస్త పడిందని లెక్కలొచ్చిన ప్రతిసారీ ఈ గొడవ మళ్ళీ లేస్తుంది. నేను పెన్షన్ కోసం కడుతున్నదాన్ని ఎవరూ నా పేరు మీద దాచట్లేదు, వచ్చింది వచ్చినట్టే ఇవాళ రిటైరై ఉన్నవాళ్ళకి పంచేస్తున్నారు, అదే డబ్బు నేను మార్కెట్లో పెట్టుకుంటే ఇంతకంటే చాలా ఎక్కువొచ్చేది, కాబట్టి ఈ పే యాజ్ యు గో పద్ధతిని మూసేసి ఎవరి ఖాతా వాళ్ళకి ఇచ్చేయండి అని. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు, రాబడి తక్కువన్న మాట కూడా నిజమే. అయితే ఎందుకు తక్కువ అనే దగ్గరే అసలు కథంతా ఉంది.

1958లో ఆర్థికవేత్త పాల్ శామ్యూల్‌సన్ వేసిన ఓవర్‌ల్యాపింగ్ జెనరేషన్స్ మోడల్ గురించి మొత్తం చెప్పను, ప్రతి కాలంలోనూ ఒక తరం పనిచేస్తుంటుంది, ఇంకో తరం రిటైరై ఉంటుంది, అంతే గుర్తుంటే చాలు. దాని మీద 1966లో హెన్రీ ఆరన్ ఒక చిన్న షరతు తేల్చాడు. జీతంలోంచి పెన్షన్ కోసం కట్టే వాటా, అంటే కాంట్రిబ్యూషన్ రేటు, మారకుండా ఉంటే ఈ పద్ధతి ఇచ్చే రాబడి దేశంలో మొత్తం జీతాలు పెరిగే వేగమే, అంటే పనిచేసేవాళ్ళ సంఖ్య పెరుగుదల, ఒక్కొక్కరి జీతం పెరుగుదల, ఈ రెండూ కలిపి. అది వడ్డీ రేటు కన్నా ఎక్కువుంటే అన్ని తరాలకీ లాభమే. అప్పట్లో జనాభా, జీతాలు రెండూ జోరుగా పెరుగుతుండేవి కాబట్టి ఎవరూ పెద్దగా గొడవ పెట్టుకోలేదు. 1970ల తర్వాత ఎదుగుదల నెమ్మదించి, 1980ల్లో వడ్డీలు పైకెళ్ళాక షరతు తిరగబడింది, అక్కడ్నుంచి పోలిక మొదలైంది.

చాలామంది కథని ఇక్కడితో ఆపేసి, రాబడి వడ్డీ కన్నా తక్కువ కాబట్టి పద్ధతి దండగ అని తేల్చేస్తారు. నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది, 1989లో ఫ్రీడ్రిష్ బ్రేయర్ రాసిన పేపర్‌తో. రాబడి వడ్డీ కన్నా తక్కువున్నా సరే, పన్నుల వల్ల పనిచేసే తీరు మారని సందర్భంలో, ఏ ఒక్క తరానికీ నష్టం లేకుండా ఈ పద్ధతిలోంచి బయటపడే దారి లేదని ఆయన చూపించాడు. 2000లో హాన్స్‌వెర్నర్ జిన్ ఇదే సంగతిని ఇంకా సూటిగా విప్పి చెప్పాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాలం అంటే 30 ఏళ్ళు అనుకోండి. వడ్డీతో డబ్బు ఆ 30 ఏళ్ళలో రెట్టింపవుతుంది, అంటే ఏడాదికి దాదాపు 2.3 శాతం, మొత్తం జీతాలు మాత్రం ఒకటిన్నర రెట్లవుతాయి, అంటే ఏడాదికి సుమారు 1.4 శాతం. పద్ధతి మొదలైన రోజు పనిచేసే తరం మొత్తం కలిపి 10 కట్టింది, అది అప్పటికే రిటైరైన తరానికి వెళ్ళింది. వాళ్ళు అంతకుముందు ఏమీ కట్టలేదు, కాబట్టి ఆ 10 వాళ్ళకి పూర్తిగా ఉచితం. ఇప్పుడు 10 కట్టినవాళ్ళకి తర్వాతి కాలంలో 15 వస్తుంది, మార్కెట్లో పెట్టుంటే 20 వచ్చేది. తేడా 5, ఒక కాలం తర్వాత వచ్చేది, ఆలోపు డబ్బు రెట్టింపవుతుంది కాబట్టి దాని ఇవాళ్టి విలువ సగం, 2.5. ఆ తర్వాతి తరం 15 కడుతుంది, వాళ్ళ నష్టం ఇవాళ్టి విలువలో 1.875, ఆ పైన తరానిది దాదాపు 1.4, ఇలా ప్రతిసారీ ముందుదాంట్లో ముప్పావు వంతు. చివరిదాకా కూడితే ఎంతొస్తుంది? సరిగ్గా 10.

మొదటి తరానికి ఊరికే ఇచ్చిన 10నే తర్వాత తరాలన్నీ కొంచెం కొంచెంగా తీరుస్తున్నాయన్నమాట. ఎవరో డబ్బు పారబోసినందువల్ల రాబడి తగ్గలేదు, ఎప్పుడో చేసిన బహుమతి మీద వడ్డీ లాంటిది ఆ తేడా. ఆ బహుమతి ఎలా ఉండేదో చూడాలంటే అమెరికాలో 1940 జనవరిలో మొట్టమొదటి నెలవారీ సోషల్ సెక్యూరిటీ చెక్ అందుకున్న ఐడా మే ఫుల్లర్ లెక్క చాలు. మూడేళ్ళలో ఆవిడ కట్టింది 24.75 డాలర్లు, మొదటి చెక్కే 22.54 డాలర్లు, ఆవిడ నూరేళ్ళు బతికింది, మొత్తం అందుకున్నది 22,888.92 డాలర్లు. ఆవిడ తప్పేమీ లేదు, అంతకుముందు మాంద్యంలో అంతా పోగొట్టుకున్న తరానికి ఇవ్వాలని అప్పటివాళ్ళు తెలిసే నిర్ణయం తీసుకున్నారు, బిల్లు మాత్రం ఇంకా నడుస్తోంది.

సరే, ఇవాళ మూసేద్దాం అనుకోండి. పనిచేసేవాళ్ళు ఆ 10 సొంతంగా దాచుకుంటారు, వాళ్ళకి 20 వస్తుంది, బాగానే ఉంది. కానీ రిటైరైనవాళ్ళకి ఇవ్వాల్సిన 10 ఎక్కడ్నుంచి తేవాలి? ప్రభుత్వం అప్పు చేస్తుంది. ఆ బాండ్లు కొనేది ఎవరంటే, కొత్తగా దాచుకుంటున్న ఈ కుర్రాళ్ళే, వాళ్ళ 10 అటే పోతుంది, కొత్త ఫ్యాక్టరీ ఒక్కటి కూడా లేవదు. తర్వాతి కాలానికి అప్పు 20 అవుతుంది. జీతాలతో పాటు అప్పుని 15 దాకా పెరగనిచ్చినా ఇంకో 5 పన్నుగా తీసుకోవాలి, 20 వచ్చినవాళ్ళ దగ్గర ఆ 5 తీసుకుంటే చేతిలో మిగిలేది 15. పాత పద్ధతిలో వచ్చేదీ అదే 15. ముందు కాగితం మీద కనపడని అప్పు ఇప్పుడు బాండ్ల రూపంలో కనపడుతోంది, అంతే తేడా. అప్పు ఇంకా తొందరగా తీర్చేద్దామంటే మధ్యలో ఉన్న తరం రెండుసార్లు కట్టాలి, ఒకసారి ముందువాళ్ళ కోసం, ఒకసారి తమకోసం. 1981లో చిలీ సొంత ఖాతాలకి మారినప్పుడు పాత కాంట్రిబ్యూషన్లకి గుర్తింపు బాండ్లు ఇవ్వాల్సొచ్చింది, పాత పెన్షన్లేమో బడ్జెట్లోంచి కట్టారు, అంటే పన్నులు కట్టేవాళ్ళే ఇచ్చారు, వేరే ఎక్కడ్నుంచీ ఊడిపడలేదు.

అవతలి వర్గానికి గట్టి పాయింట్ అసలు లేదని కాదు. 1974లో మార్టిన్ ఫెల్డ్‌స్టీన్ అన్నది ఏంటంటే, పెన్షన్ వస్తుందనే ధీమాతో జనం దాచుకోవడం తగ్గిస్తారు, పెట్టుబడి తగ్గుతుంది అని. మోడల్లో ఇది నిజమే, మొదటి 10 ముసలోళ్ళు తినేశారు, అంత పెట్టుబడి తగ్గింది. కానీ అప్పుతో మారితే ఆ పెట్టుబడి తిరిగిరాదని పైన చూశాం, రావాలంటే ఎవరో ఒకరు ఇవాళ ఖర్చు తగ్గించుకోవాలి. ఇంకో పాయింట్ కాస్త బలమైనది, కాంట్రిబ్యూషన్ పూర్తిగా పన్నులా అనిపిస్తే జనం తక్కువ పనిచేస్తారు, ఆ నష్టాన్ని తగ్గించడంలో నిజంగా మిగిలేది ఉంటుంది. అయితే అందుకు పద్ధతి మొత్తం మూసెయ్యక్కర్లేదు, ఎవరు కట్టినదానికి తగ్గట్టు వాళ్ళకి పెన్షన్ వచ్చేలా మార్చినా ఆ పని చాలావరకు అవుతుంది.

పోలికలో ఇంకో మెలిక, మార్కెట్ రాబడి అంటే ఏ రాబడి? షేర్ల సగటు తెచ్చి పక్కన పెడితే అందులో రిస్క్‌కి ఇచ్చే ఎక్స్‌ట్రా కూడా ఉంటుంది, ఆ రిస్క్ మోసేవాడికే అది చెందుతుంది. పెన్షన్ లాంటి హామీని పోల్చాల్సింది రిస్క్ తక్కువున్న బాండ్‌తో, అలా పోల్చితే తేడా చాలా చిన్నదవుతుంది, కొన్నేళ్ళు తిరగబడింది కూడా. 2019లో ఒలివియర్ బ్లాంషార్ అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అధ్యక్ష ప్రసంగంలో చెప్పింది ఇదే, అమెరికాలో సేఫ్ వడ్డీ ఎదుగుదల కన్నా తక్కువుండటం వింత కాదు, మామూలే అని. అలాగని వెంటనే ఆరన్ షరతు మళ్ళీ నిజమైంది, పెన్షన్లు పెంచుకోవచ్చు అనుకోవద్దు. ఊరికే పంచినా ఏ తరానికీ నష్టం రాకుండా ఉండేది దేశంలో పెట్టుబడి మరీ ఎక్కువైనప్పుడే, అలా ఎక్కువైందా లేదా తేల్చడానికి 1989లోనే ఏబెల్, మ్యాన్‌క్యూ, సమ్మర్స్, జెక్‌హౌజర్ ఒక పరీక్ష ఇచ్చారు, పెట్టుబడి మీద వచ్చే ఆదాయం కొత్తగా పెట్టే పెట్టుబడి కన్నా ఎప్పుడూ ఎక్కువుంటే, అతిగా లేనట్టే. వాళ్ళు చూసిన పెద్ద దేశాల్లో అది ఎక్కువే ఉంది, కాబట్టి సేఫ్ వడ్డీ తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఇంకో తరానికి ఇంకో ఉచిత 10 ఇస్తే దాని బిల్లు కూడా ఎవరో ఒకరికి వెళ్తుంది.