సూచిక పాయింటు వేరు, శాతం వేరు: అపోహలు – వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల మిల్లులకు జీతాల లెక్కలు చూస్తుంటాను. ధరల సూచికను బట్టి కట్టే డీఏ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఈ తికమకలే ఎదురవుతాయి.

అపోహ: సూచిక 30 పాయింట్లు పెరిగితే ధర 30 శాతం పెరిగినట్టే.

అంబాజీపేటలో కొబ్బరికాయల ధర వెయ్యికింత అని చెబుతారు కదా. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక ఏడాది వెయ్యి కాయలు 10,000 రూపాయలు అనుకుందాం. దాన్ని ఆధార సంవత్సరంగా పెట్టుకుని 100 అని రాస్తాం. మరుసటి ఏడాది ధర 12,000 అయితే సూచిక 120, ఆ పై ఏడాది 15,000 అయితే 150.

మొదటి ఏడాదితో చూస్తే పెరిగింది 50 పాయింట్లు, 50 శాతం కూడా. భాగించేది 100 కాబట్టి రెండూ కలిశాయి. నిరుటితో చూస్తే మాత్రం పెరిగిన 30ని 120తో భాగించాలి. వచ్చేది 25 శాతమే. రూపాయల్లో సరిచూసుకోండి: 12,000 మీద 3,000. ధర మళ్ళీ 120కి దిగితే అవే 30 పాయింట్లు, కానీ ఈసారి 150తో భాగిస్తాం కాబట్టి తగ్గింది 20 శాతం. ఎక్కడి నుంచి బయలుదేరామో ఆ అంకెతోనే భాగించాలి.

అపోహ: సూచిక 338 నుంచి 118కి వచ్చిందంటే ధరలు పడిపోయాయి.

2020లో ఒక మిల్లు కార్మికుడు కాగితం పట్టుకొచ్చి, "మా డీఏ పోయినట్టేనా అండీ?" అని అడిగాడు. మనిషి బాగా టెన్షన్ పడ్డాడు. లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచిక ఆగస్టులో 338, సెప్టెంబరులో 118. మొదటిది 2001ని 100గా పెట్టుకున్నది, రెండోది 2016ని. రెండింటినీ కలపడానికి ఇచ్చిన లింకింగ్ ఫ్యాక్టర్ 2.88. 118ని 2.88తో గుణిస్తే దాదాపు 339.8. అంటే ధరలు అర శాతం పెరిగాయి.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. పాత ఒప్పందంలో "పాయింటుకు 2 రూపాయలు" అని ఉందనుకోండి. 2001ని 100గా పెట్టుకున్న పాత సిరీస్‌లో 10 పాయింట్లు పెరిగితే 20 రూపాయలు రావాలి. అదే పెరుగుదల కొత్త సిరీస్‌లో మూడున్నర పాయింట్లే కనిపిస్తుంది, 7 రూపాయలే చేతికొస్తాయి. ఒక మిల్లులో సరిగ్గా ఇలాగే లెక్క కట్టిన కాగితం నా చేతికి వచ్చింది. ఆ తగ్గిన 13 రూపాయలు కార్మికులకు న్యాయంగా రావాల్సిన డబ్బు. కొత్త పాయింట్లను ముందు 2.88తో గుణించి, ఆ తర్వాతే రేటు వెయ్యాలి. సూచిక పక్కన "2016=100" అని ఉందో, "2001=100" అని ఉందో చూడకుండా లెక్క మొదలుపెట్టకండి.

అపోహ: విశాఖ సూచిక గుంటూరు కంటే ఎక్కువ ఉంటే విశాఖలో బతుకు ఖరీదు.

ఆధార సంవత్సరంలో రెండు ఊళ్ళకూ 100 అనే రాస్తారు, అప్పటికే ఒకచోట అద్దెలు రెట్టింపు ఉన్నా సరే. ఏ ఊళ్ళో ధరలు వేగంగా పెరిగాయో సూచిక చెబుతుంది. ఎక్కడ ఎక్కువో తెలియాలంటే రూపాయల్లోనే చూడాలి.