అట్ట మీద తేదీ ఇంకా ఉంది కదా! - మూత తీసిన మందులపై అపోహలు, వాస్తవాలు

పోయిన వానాకాలంలో ఒక పెద్దావిడ మా మందుల షాపుకు ఒక సీసా తెచ్చారు. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన 30 మిల్లీలీటర్ల యాంటీబయాటిక్ డ్రై సిరప్ అది. మనవరాలికి మళ్లీ జ్వరం వచ్చిందట. ఫ్రిజ్‌లో ఉన్న ఈ మందే ఒక పూట పట్టారు, తగ్గలేదు. "ఇదే ఇంకొకటి ఇవ్వు బాబూ" అన్నారు. ఎప్పుడు కలిపారని అడిగితే నెలన్నర అయిందన్నారు. "అయినా తేదీ వచ్చే ఏడాది దాకా ఉందిగా" అంటూ అట్ట చూపించారు.

అపోహ: అట్ట మీది గడువు తేదీ దాకా మందు పనిచేస్తుంది.

ఆ తేదీ సీలు తీయని సీసాలోని పొడికి మాత్రమే. ఈ మందును తయారీదారులు పొడిగా ఇవ్వడానికి కారణమే నీళ్లు. క్లావులనేట్ తేమలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. నీళ్లు పోసిన క్షణం నుంచి వేరే లెక్క మొదలవుతుంది. మన దగ్గర దొరికే ఈ మందు లేబుళ్ల మీద సాధారణంగా ఫ్రిజ్‌లో ఉంచి 7 రోజుల్లో వాడమని ఉంటుంది. ఆవిడ మందును మూతలోకి వంచి చూశాను. కొత్తగా కలిపినప్పుడు పాలలా ఉండే మందు పసుపు తిరిగింది. అలాగని రంగు మారలేదు కాబట్టి బాగుందనుకోకూడదు. చూపుకు తెలిసేలోపే బలం తగ్గిపోయి ఉండవచ్చు.

అసలు మందు ఎందుకు మిగిలింది? కోర్సు మధ్యలో మానేశారేమో అనుకున్నాను, కాదు. పూటకు 5 మిల్లీలీటర్లు, రోజుకు రెండు పూటలు, ఐదు రోజులు. మొత్తం 50 మిల్లీలీటర్లు కావాలి. 30 మిల్లీలీటర్ల సీసాలు రెండు కొంటే 10 మిగిలి తీరుతుంది. అంటే ఒక్కరోజు మందు. దానితో ఏ కోర్సూ పూర్తికాదు. పైగా ఇప్పటి జ్వరం వైరస్ వల్ల వచ్చిందైతే యాంటీబయాటిక్‌తో పనే లేదు. బ్యాక్టీరియా వల్లే అయితే ఆ అరకొర మోతాదు దాన్ని చంపదు, తర్వాత ఏ బ్యాక్టీరియానో తేల్చడానికి చేసే కల్చర్ పరీక్షను మాత్రం తికమక పెడుతుంది.

రెండు సీసాలు కొన్నప్పుడు రెండూ ఒకేసారి కలపకండి. మొదటిది మూడు రోజులకు సరిపోతుంది, అది అయ్యాకే రెండోది. ముందు సీసాను తట్టి అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చేయండి. ప్యాకెట్‌లో ఇచ్చిన నీళ్లు గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ సగం పోసి బాగా ఊపండి. నురుగు దిగాక గీత దాకా మిగతాది పోయండి. నురుగును చూసి గీతకు చేరిందనుకుంటే మందు చిక్కనై మోతాదు పెరుగుతుంది. కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో రాసేయండి.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే ఏ మందైనా నిలవ ఉంటుంది.

చల్లదనం పాడవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. తలుపు అరలో అయితే తీసిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుంది, అందుకే లోపలి అర మేలు. డీప్ ఫ్రీజర్ అసలే వద్దు. ఇక క్లారిత్రోమైసిన్ సిరప్‌ను కలిపాక ఫ్రిజ్‌లో పెడితే చిక్కబడుతుంది, చేదెక్కుతుంది. లేబుల్ చదవకుండా అన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు.

అపోహ: కంటి చుక్కల మందు అయిపోయేదాకా వాడుకోవచ్చు.

చాలా చుక్కల మందుల సీసాల మీద, మూత తీశాక నెలలోపు వాడమని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. చుక్క వేసేటప్పుడు సీసా మొన కనురెప్పకో వెంట్రుకకో తగిలితే అక్కడి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. నిల్వకారి రసాయనం కొంతవరకే వాటిని అడ్డుకోగలదు. ఆ రసాయనమే లేని, ఒక్కపూటకే సరిపడే ప్లాస్టిక్ గొట్టాలను తెరిచిన పూటే పారేయాలి. మూత పెట్టి సాయంత్రానికి దాచేవాళ్లను చూస్తూనే ఉంటాను!

అపోహ: కన్ను ఎర్రబడితే పాత చుక్కలే వేసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. 2023 జూలై, ఆగస్టుల్లో కళ్లకలక ఊళ్లను చుట్టేసినప్పుడు ఇంటింటా పాత సీసాలు బయటికొచ్చాయి. కంటి ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో తరచుగా డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును తగ్గిస్తుంది, నయమైనట్టే కనిపిస్తుంది. కానీ ఆ ఎరుపు కంటి నల్లగుడ్డు మీది హెర్పీస్ పుండు వల్ల వచ్చిందైతే లోలోపల అది విస్తరిస్తుంది. కొందరిలో కంటి ఒత్తిడి కూడా పెరుగుతుంది. నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఆ పెద్దావిడకు ఇంకో సీసా ఇవ్వలేదు. పాపను డాక్టరుకు చూపించమని పంపాను. మిగిలిన ఐదు మిల్లీలీటర్లను సింకులో పోయకుండా, వాడేసిన టీ పొడిలో కలిపి కవరులో గట్టిగా కట్టి చెత్తలో వేయమన్నాను. "డబ్బులు పెట్టి కొన్నది కదా బాబూ" అని గొణుగుతూనే సీసా సంచిలో వేసుకున్నారు.