వాడిన ఫ్రిజ్ అమ్మకం ప్రకటన: అపోహలు - వాస్తవాలు

అపోహ: తుప్పు ఫొటో పెడితే ఒక్కరూ ఫోన్ చెయ్యరు.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఫ్రిజ్ కింది అంచు తుప్పు పట్టడం కొనేవాళ్లకు తెలిసిన సంగతే. వాళ్లు అడిగేది అది ఎక్కడ పట్టిందని. తలుపు అంచునో కాళ్ల దగ్గరో పైపైన ఉంటే అది చూపుకే లోటు. వెనక పైపుల మీదా, కంప్రెసర్ దగ్గరి అతుకుల మీదా ఉంటే రేపు గ్యాస్ లీకయ్యే చోటు అదే. అందుకే తుప్పు పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా ఒక ఫొటో, వెనక వైపంతా కనిపించేలా మరొకటి తియ్యండి. దాచిపెడితే భీమవరం నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చినవాడు గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు.

వరద నీళ్లు తగిలి ఉంటే అదీ రాయాలి. కంప్రెసర్ ఉండేది కింద, వెనక పక్కన. నీళ్లు మోకాలి లోతు వచ్చినా మునిగేది ముందు అదే.

అపోహ: "గ్యాస్ కొత్తగా ఎక్కించాం" అంటే ధర పెరుగుతుంది.

ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకంతో అరిగిపోదు, మూసిన పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకయినట్టే. లీకు ఎక్కడ దొరికింది, ఎలా అతికారు, ఏ నెలలో చేయించారు అన్నది రాసి, మెకానిక్ ఇచ్చిన బిల్లు ఫొటో జతచేస్తే ఆ మాటకు విలువ. అవేమీ లేకుండా ఆ ఒక్క ముక్కే రాస్తే, తెలిసినవాడు అనుమానపడతాడు.

అపోహ: "కూలింగ్ సూపర్" అంటే చాలు.

ఆ మాట ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. రాత్రంతా నడిపి, పొద్దున్నే లోపల గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి ఫొటో తియ్యండి. 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. తర్వాత తలుపు రబ్బరు చూడాలి. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి, నాలుగు వైపులా ఇలాగే. ఎక్కడైనా బిగువు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు వదులైనట్టు. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ సందులోంచి చేరి ఫ్రీజర్లో మంచు గడ్డకడుతుంది, కంప్రెసర్‌కు విరామం ఉండదు.

ఇవన్నీ చూశాక పాలకొల్లులోని ఒక పాత ఫ్రిజ్‌కు ప్రకటన ఇలా వస్తుంది:

"190 లీటర్లు, సింగిల్ డోర్, 2016లో కొన్నది, బిల్లు ఉంది. రాత్రి నడిపితే నీళ్లు 5 డిగ్రీలకు వచ్చాయి (ఫొటో). గ్యాస్ ఎప్పుడూ ఎక్కించలేదు. తలుపు కింద ఎడమ మూల రబ్బరు వదులు, మార్చుకోవాలి. కింది అంచున తుప్పు ఉంది, వెనక పైపులు శుభ్రం. వరద నీళ్లు తగల్లేదు. వచ్చేసరికి ఆన్‌లోనే ఉంటుంది, చూసుకోవచ్చు. మేడ మీద ఉంది, దింపడానికి ఇద్దరు కావాలి."

లీటర్లూ మోడల్ నంబరూ గుర్తులేకపోతే లోపలి గోడ మీదో వెనకో అంటించిన స్టిక్కరు చూసి రాయండి. ఫొటోల్లో మొదటిది మాత్రం అరలు కడిగి, తలుపు తెరిచి, లైటు వెలుగుతుండగా పగటిపూట తీసినదై ఉండాలి.