ఎథిక్స్ కమిటీ దరఖాస్తు: "పేర్లు రాయం కాబట్టి ఎవరికీ తెలియదు" అనుకునే ముందు

మనుషులతో చేసే పరిశోధనకు ముందుగా అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి విద్యార్థులు పెట్టే దరఖాస్తులు చదవడం కొన్నేళ్లుగా నా పని. సవరణల కోసం వెనక్కి పంపినవాటిలో చాలావరకు ఒకే రకం పొరపాట్లు కనిపిస్తాయి. ఒక దరఖాస్తును దగ్గరగా చూస్తే అవి అర్థమవుతాయి. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఒక విద్యార్థిని రాత్రి డ్యూటీ చేసే 14 మంది నర్సింగ్ విద్యార్థులను నిద్ర గురించి ఇంటర్వ్యూ చేయాలనుకుంది. అందరూ ఒకే కాలేజీ.

అపోహ: పేరు తీసేస్తే ఎవరూ గుర్తుపట్టలేరు.

వాస్తవం: ఆమె పేర్ల బదులు పి01, పి02 అని కోడ్‌లు ఇచ్చింది. బాగానే ఉంది. కానీ రిపోర్టులో పెట్టబోయే పట్టికలో ప్రతి కోడ్ పక్కన వయసు, లింగం, చదువుతున్న సంవత్సరం, వార్డు ఉన్నాయి. పి07 వరుస చూపించి "ఈ వార్డులో 34 ఏళ్ల మగ విద్యార్థులు ఎంతమంది?" అని అడిగాను. ఒక్కరే. ఆ కాలేజీలో చదివే ఎవరైనా ఆ వరుస చూడగానే పేరు చెప్పేస్తారు. ఆపైన అతని మాటలన్నీ అతని పేరుతో అచ్చువేసినట్టే.

ఆ పట్టికను తీసేశాం. వయసు, లింగం, సంవత్సరం మొత్తం గుంపుకి కలిపి చెప్పి, ఉటంకించే మాటల పక్కన కోడ్ మాత్రమే ఉంచాం. ఉటంకింపుల్లో కూడా "మా కవలలు పుట్టాక" లాంటి ముక్క ఉంటే అదీ ఆనవాలే, దాన్నీ చూసుకోవాలి.

ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు అవతలి మనిషెవరో మీకు తెలుసు. కాబట్టి పాల్గొనేవారు సంతకం చేసే కన్సెంట్ ఫారంలో "మీరెవరో ఎవరికీ తెలియదు" అని రాయకూడదు. "మీరెవరో నాకు తెలుస్తుంది, బయటికి చెప్పను" అనాలి. పేరునీ కోడ్‌నీ కలిపే జాబితా, సంతకం చేసిన కన్సెంట్ ఫారంలు, రికార్డింగులు ఒకే ఫోల్డర్‌లో ఉంటే కోడ్‌లు పెట్టిన ప్రయోజనమే పోతుంది. గొంతు కూడా గుర్తే. ట్రాన్స్‌క్రిప్ట్ సరిచూసుకున్నాక రికార్డింగును ఎప్పుడు చెరిపేస్తారో తేదీతో రాయండి.

అపోహ: ఇంటర్వ్యూ అంటే మాటలే కదా, రిస్క్ ఏమీ లేదు.

వాస్తవం: ఆమె కూడా దరఖాస్తులో రిస్క్ గురించి అడిగే గడిలో "లేదు" అని రాసింది. ఆమె ప్రశ్నల్లో ఒకటి: "నిద్రమత్తు వల్ల మీ పనిలో ఎప్పుడైనా పొరపాటు జరిగిందా?" ఎవరైనా "ఒక రాత్రి తప్పు మందు ఇచ్చాను, ఎవరికీ చెప్పలేదు" అంటే? చెప్పినవారికి కన్నీళ్లు రావచ్చు, అది ఒక రిస్క్. ఆ మాట బయటికి పొక్కితే వాళ్ల చదువే ఆగిపోవచ్చు. అది ఇంకా పెద్దది. ఇప్పటికీ ఒక రోగికి ప్రమాదం ఉందని తెలిస్తే పరిశోధకురాలు నోరు మూసుకుని కూర్చోవడానికి వీల్లేదు.

అందుకే "అన్నీ పూర్తిగా రహస్యం" అని మాటివ్వకూడదు. ఎలాంటి విషయం చెబితే, ఎవరికి తెలియజేస్తారో గైడ్‌తో ముందే తేల్చుకుని, పాల్గొనేవారికి ఇచ్చే సమాచార పత్రంలో రాయాలి. ఆమె చివరికి ఇలా రాసింది: "మీ మాటల వల్ల ఎవరికైనా ఇప్పుడు ప్రమాదం ఉందని తెలిస్తే, మీకు చెప్పి, నా గైడ్‌కి తెలియజేయాల్సి ఉంటుంది." ఇది ఇంటర్వ్యూకి ముందే తెలియాలి. ఎంతవరకు చెప్పాలో అప్పుడు వాళ్లే నిర్ణయించుకుంటారు. బాధ కలిగితే రికార్డింగు ఆపడం, సాయం కోసం ఎవరిని కలవాలో కాగితం ఇవ్వడం కూడా చేర్చింది.

అపోహ: సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టే.

వాస్తవం: ఆ 14 మందిని ఆమె గైడ్ క్లాసులో అడగబోతున్నారు. మార్కులు వేసే మనిషి అడిగితే "వద్దు మేడమ్" అనడం ఎంతమందికి సాధ్యం? నోటీసు పెట్టి, ఆసక్తి ఉన్నవాళ్లే నేరుగా ఆమెను కలిసేలా మార్చాం. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గైడ్‌కి తెలియదు.

ఫారంలో "ఎప్పుడైనా తప్పుకోవచ్చు" అన్న వాక్యం కూడా జాగ్రత్తగా చదవాలి. ఇంటర్వ్యూ ఎప్పుడైనా ఆపవచ్చు, అది నిజం. కానీ కోడ్ జాబితా చెరిపేశాక పి07 ఎవరో ఆమెకే తెలియదు. ఇక ఎవరి మాటలని తీసేస్తుంది? అందుకని "ఇంటర్వ్యూ జరిగిన 2 వారాల్లోపు చెబితే మీ మాటలు తీసేస్తాను" అని గడువు పెట్టింది. జాబితా చెరిపే తేదీ ఆ గడువు తర్వాతే వచ్చేలా చూసుకుంది.

అపోహ: ముందు డేటా తీసుకుని, అనుమతి తర్వాత తెచ్చుకోవచ్చు.

వాస్తవం: జరిగిపోయిన ఇంటర్వ్యూలకు కమిటీలు సాధారణంగా వెనక తేదీతో అనుమతి ఇవ్వవు. ఆ డేటాను పక్కన పెట్టాల్సి రావచ్చు. అనుమతి వచ్చాక ప్రశ్నలు మార్చినా, మరో గుంపును చేర్చినా ముందు సవరణ పంపాలి. ఆమె నాలుగో ఇంటర్వ్యూ తర్వాత ఒక ప్రశ్న చేర్చాలనుకుంది. ఒక పేజీ సవరణ పంపి, జవాబు వచ్చేదాకా పాత ప్రశ్నలతోనే కొనసాగింది.