గట్టు మీద మారిపోయే లెక్క

గౌతమి పాయను ఆనుకొని ఉన్న ఒక లంక గ్రామంలో, గాలికుంటు వ్యాధి గురించి పశువైద్యుడు ఒకరు ప్రసంగించిన తరువాత రైతులు అడిగిన ప్రశ్నలు ప్రసంగం కంటే ఎక్కువ సేపు సాగాయి. టీకా వేయించాక పాలు తగ్గుతాయన్న అనుమానం మొదట వచ్చింది, త్వరగానే తేలింది. పూటకు నాలుగు లీటర్ల చొప్పున ఇచ్చే గేదె మూడు రోజులపాటు రోజుకు లీటరు తగ్గించినా పోయేది మూడు లీటర్లు. అదే గేదెకు గాలికుంటు సోకితే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి, చొంగ కారుస్తూ మేత ముట్టదు. పాలు వారాల తరబడి పడిపోతాయి, ఆ ఈతలో మళ్ళీ పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా.

రెండో ప్రశ్న వేసిన పెద్దాయన దగ్గర సాక్ష్యం ఉంది. "మా వీధిలో జబ్బుపడ్డ గొడ్లలో సగానికి పైగా సూది వేయించినవేనండి. మరి ఆ సూది దేనికండీ?" అన్నాడు. డాక్టరుగారు కాదనలేదు, కాగితం తీసి లెక్క వేశారు. ఊళ్ళో వంద పశువులున్నాయనీ, తొంభైకి టీకా పడిందనీ, నూటికి ఎనభై పశువుల్లో అది ఫలించిందనీ అనుకుందాం. తొంభైలో డెబ్భై రెండింటికి రక్షణ దొరుకుతుంది, పద్దెనిమిదింటికి దొరకదు. టీకా పడనివి పది. రక్షణ లేని పశువులన్నిటికీ జబ్బు వస్తే ఊళ్ళో ఇరవై ఎనిమిది మంచాన పడినట్టు లెక్క, అందులో పద్దెనిమిది టీకా వేయించుకున్నవే. పెద్దాయన చూసింది నిజమే. అయితే ఆయన జబ్బుపడ్డ గొడ్లను మాత్రమే లెక్కపెట్టాడు, పాకలో నిలబడి నెమరు వేస్తున్న డెబ్భై రెండు ఆయన లెక్కలోకి రాలేదు. టీకా పడిన వాటిలో ఐదింట ఒకదానికి జబ్బు వస్తే, పడని పదింటిలో పదింటికీ వచ్చింది.

టీకా విఫలమైందో, ఆలస్యమైందో కూడా విడిగా చూడాలని డాక్టరుగారు అన్నారు. ఒంట్లోకి వైరస్ చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, టీకా రక్షణ స్థిరపడడానికి రెండు మూడు వారాలు కావాలి. కాబట్టి సూది వేసిన వారం లోపే చొంగ మొదలైతే, సూది వల్ల జబ్బు వచ్చిందనుకోవడం కంటే, జబ్బు అప్పటికే పాకలోకి వచ్చేసిందనుకోవడమే సబబు.

ఆ రోజు నాకు అన్నిటికన్నా పదునుగా తోచిన ప్రశ్న ఒక యువ రైతుది: "ఊరంతా వేయించుకుంటే జబ్బు ఊళ్ళోకే రాదు కదా, నా ఒక్క చూడి గేదెను ఎందుకు ఇబ్బంది పెట్టాలి?" దీన్ని స్వార్థమని కొట్టిపారేయడం తేలిక, కానీ అందులో తర్కం ఉంది. పశువులను ఎవరి పాకలో వారు కట్టేసి మేపుతున్నప్పుడు, జబ్బుపడ్డ ఒక గేదె సగటున మరో రెండింటికి అంటిస్తుందనుకుందాం. ఊళ్ళో సగం పశువులకు రక్షణ ఉంటే ఆ రెండింటిలో ఒకటి తప్పుకుంటుంది, వ్యాధి పెరగలేక క్రమంగా ఆరిపోతుంది. టీకా నూటికి ఎనభైలో ఫలిస్తుంది కనుక, అరవై మూడు పశువులకు వేయిస్తే చాలు. మిగిలిన ముప్పై ఏడింటి యజమానులు సూది నొప్పి లేకుండానే లాభం పొందుతారు. అయితే ఆ ముప్పై ఏడుగురిలో తానొకడినని ఎవరికి వారే అనుకుంటే అరవై మూడు కూడా పూర్తికావు.

అసలు చిక్కు వరదతో వస్తుంది. అంటించే సంఖ్య వైరస్ ఒక్కటే నిర్ణయించేది కాదు, పశువులు ఎంత దగ్గరగా మసలుతున్నాయన్నది కూడా దాన్ని మారుస్తుంది. 2022 జూలై వరదలాంటిది వచ్చినప్పుడు లంకల పశువులన్నీ ఏటిగట్టు మీదికి చేరతాయి; మూడు ఊళ్ళ గేదెలు ఒకే గడ్డివామును కొరుకుతాయి, ఒకే గాబులో నీళ్ళు తాగుతాయి. అక్కడ ఒక గేదె రెండింటికి బదులు ఐదింటికి అంటిస్తే, ఎనభై పశువులకు రక్షణ ఉంటేనే వ్యాధి ఆగుతుంది. నూటికి ఎనభై ఫలించే టీకాతో అంత రక్షణ రావాలంటే వందకు వందా వేయించాల్సిందే. అరవై మూడుతో సరిపెట్టుకున్న ఊరు గట్టెక్కేసరికి, జబ్బుపడ్డ ప్రతి గేదె సగటున మరో రెండున్నర గేదెలకు అంటిస్తుంది. ఈ సంఖ్యలు ఉదాహరణకే అయినా, పాకలో సరిపోయిన రక్షణ గట్టు మీద చాలదన్న సంగతి వాటితో మారదు. యువకుడు పాకను చూసి లెక్క వేసుకున్నాడు, డాక్టరుగారు గట్టును చూసి వేశారు.

చివర్లో ఒక ఇల్లాలు తన నాలుగు నెలల దూడకు ఎప్పుడు వేయించాలని అడిగింది. మొదటిసారి వేయించే దూడకు నెల తరువాత రెండో మోతాదు కావాలి, ఆపైన ఆరు నెలలకోసారి. జూలై మొదటికి రక్షణ కుదరాలంటే రెండో సూది జూన్ రెండో వారానికల్లా, మొదటిది మే రెండో వారానికల్లా పడాలి. ఆవిడ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టి, "అంటే దాళ్వా కోతలు అయిపోయిన వెంటనే అన్నమాట" అంది.