ఎర్ర లైట్ వస్తోంది, సౌండ్ రావట్లేదు: ఆప్టికల్ కేబుల్‌పై అపోహలు - వాస్తవాలు

రాయగడ, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్లలో టీవీలు, హోమ్ థియేటర్లు బిగించడం నా పని. టీవీ సౌండ్‌ని వెలుతురు రూపంలో హోమ్ థియేటర్‌కి మోసే ఆప్టికల్ కేబుల్ పెట్టాక సౌండ్ రాలేదంటే చాలామంది ముందు హోమ్ థియేటర్ సెట్టే పోయిందనుకుంటారు. కొత్తది కొనేముందు ఇది చదవండి.

అపోహ: కేబుల్ కొసన ఎర్ర లైట్ కనబడితే అంతా సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: టీవీ నుంచి వెలుతురు వస్తోందని మాత్రమే దానర్థం. ఆ వెలుతురులో వెళ్లే సౌండ్ ఏ ఫార్మాట్‌లో ఉందో కంటికి తెలియదు. ఎక్కువ ఇబ్బంది ఇక్కడే.

గుణుపురంలో ఒక మాస్టారి ఇంట్లో ఇదే జరిగింది. "బాబూ, వార్తలు బాగానే వినిపిస్తున్నాయి, ఓటీటీలో సినిమా పెడితే చప్పుడే లేదు" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం సంగతి తేలిపోయింది. కేబుల్ పాడైతే వార్తలూ వినిపించవు కదా. టీవీలో డిజిటల్ ఆడియో ఫార్మాట్ "Auto"లో ఉంది. వార్తల ఛానల్‌ది మామూలు స్టీరియో, అది PCM అనే, కుదించని మామూలు ఫార్మాట్‌లో వెళ్తోంది. సినిమాది డాల్బీ, దాన్ని టీవీ అలాగే పంపేస్తోంది. ఆయన 2.1 సెట్టుకి డాల్బీని విప్పే డీకోడర్ లేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో "Digital Audio Out" కింద PCM పెట్టగానే సినిమా పలికింది. ఈ మెనూ పేరు కంపెనీని బట్టి కాస్త మారుతుంది.

అపోహ: కేబుల్ కొసన ఉన్న ప్లాస్టిక్ ముక్క కేబుల్‌లో భాగమే.

వాస్తవం: అది గీతలు పడకుండా పెట్టిన మూత. చాలా కేబుళ్లకు పారదర్శకంగా ఉంటుంది, అందుకే మోసపోతాం. దాంతో గుచ్చితే ప్లగ్ పూర్తిగా లోపలికి దిగదు, "టక్" మని పట్టదు, ముట్టుకుంటే ఊడొస్తుంది. రెండు కొసలా చూడండి. టీవీ వైపు తీసి, సోఫా వెనక రెండోది మర్చిపోయేవాళ్లు ఎక్కువ. గోటితో లాగితే వచ్చేస్తుంది. ప్లగ్‌ని సాకెట్ ఆకారానికి సరిగ్గా తిప్పి నెట్టండి, బలవంతం చేస్తే సాకెట్ మూత విరుగుతుంది.

అపోహ: వైరు గుచ్చితే చాలు, టీవీ తనే మారుతుంది.

వాస్తవం: చాలా టీవీల్లో మనమే మార్చాలి. "Sound Output"లో "Optical" ఎంచుకోండి, హోమ్ థియేటర్ రిమోట్‌లో కూడా ఆప్టికల్ ఇన్‌పుట్‌కి తిప్పండి. బ్లూటూత్‌లోనో ఆక్స్‌లోనో ఉంటే ఏం చేసినా పలకదు. సౌండ్ పెంచడానికి కూడా హోమ్ థియేటర్ రిమోటే వాడండి, ఆప్టికల్‌లో టీవీ రిమోట్ చాలాసార్లు పనిచేయదు.

అపోహ: PCM పెడితే ఏ సెట్టుకైనా మంచిదే.

వాస్తవం: ఆప్టికల్‌లో PCM ఎడమ, కుడి అని రెండు సౌండ్ ఛానళ్లే మోస్తుంది. మీది 5.1 సెట్టు అయి, దానికి డాల్బీ డిజిటల్ డీకోడర్ ఉంటే PCM పెట్టకండి, వెనక స్పీకర్లకు వాటి సౌండ్ విడిగా అందదు. "Dolby Digital" పెట్టండి. "Dolby Digital Plus" మాత్రం ఆప్టికల్‌లో వెళ్లదు, దానికి HDMI ARC కావాలి.