ప్రకటన కింద పడ్డ చెడ్డ కామెంట్: పేజీలు నడిపేవాళ్లలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

పచ్చళ్లు, చీరలు, స్వీట్లు అమ్మే చిన్న వ్యాపారాల పేజీలు చూసుకోవడం నా పని. వేసవి వచ్చిందంటే ఆవకాయ ప్రకటనలు మొదలవుతాయి. డబ్బు పెట్టి నడిపే పోస్టు కింద ఒక్క కోపం కామెంట్ పడితే చాలు, ఓనర్ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ప్రశ్నల వెనకున్న నమ్మకాల గురించి ఒక్క ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ఆవకాయ ప్రకటన కింద ఒకావిడ ఇలా రాశారనుకోండి:

"కిలో తెప్పించా. మూత తీస్తే పైన తెల్లగా బూజు. ఫోటోలో ఒకటి, పంపేది ఇంకొకటి. ఎవరూ కొనకండి."

అపోహ: తీసేస్తే గొడవ వదిలిపోతుంది.

ఫేస్‌బుక్‌లో కామెంట్‌ని డిలీట్ చేయొచ్చు, హైడ్ కూడా చేయొచ్చు. హైడ్ చేస్తే అది రాసినవాళ్లకూ వాళ్ల స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది, మిగతావాళ్లకు కనబడదు. అందుకే చాలామంది దీన్ని తెలివైన దారి అనుకుంటారు. కానీ బూజు పట్టిన సీసా చేతిలో ఉన్న మనిషికి కావలసింది జవాబు. అది రాకపోతే ఆవిడ ఇంకో పోస్టు కింద రాస్తుంది, ఈసారి ఫోటోతో పాటు "నా కామెంట్ దాచేశారు" అన్న మాట కూడా కలుపుతుంది. అప్పటిదాకా పచ్చడి మీదున్న ఫిర్యాదు మీ నిజాయితీ మీదికి మారుతుంది.

పెద్ద కంపెనీలూ ఇందులో దెబ్బతిన్నవే. 2010 మార్చిలో పామాయిల్ విషయంలో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ తమ మీద ప్రచారం మొదలుపెట్టినప్పుడు, తమ లోగోను మార్చి ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకున్నవాళ్ల కామెంట్లు తొలగిస్తామని నెస్లే తన ఫేస్‌బుక్ పేజీలో చెప్పింది. అడిగినవాళ్లకు వ్యంగ్యంగా జవాబులిచ్చింది. పామాయిల్ సంగతి తెలియనివాళ్లు కూడా ఆ జవాబులు చదవడానికే పేజీకి వచ్చారు.

డిలీట్ చేయాల్సినవీ ఉంటాయి. బూతులు, కులం మతం మీద మాటలు, ఎవరిదో ఫోన్ నంబరు, వేరే వ్యాపారం లింకులు. వీటికి జవాబే అక్కర్లేదు. "కిలో ఇంత రేటా?" అన్నది మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది ఫిర్యాదు కూడా కాదు. ఏ నూనె వాడారో, రేటులో కొరియర్ ఖర్చు కలిసి ఉందో లేదో రెండు వాక్యాల్లో చెబితే, అడగకుండా వెళ్లిపోయేవాళ్లకు కూడా జవాబు దొరుకుతుంది. ధర అడిగినందుకు పచ్చళ్ల వ్యాపారం నుంచి వెళ్లిన తిట్ల వాయిస్ మెసేజ్ 2025 ఏప్రిల్‌లో ఎంత దూరం పోయిందో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అపోహ: పేజీలో కామెంట్లేమీ లేవంటే అంతా బాగానే ఉన్నట్టు.

ప్రకటన కోసం విడిగా తయారుచేసిన పోస్టు చాలాసార్లు మీ పేజీలో కనబడదు, దాని కింద పడిన కామెంట్లు కూడా కనబడవు. పైగా ఒకే ప్రకటన ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ నడుస్తుంటే కామెంట్ల వరస అక్కడిదక్కడే, ఇక్కడిదిక్కడే. ఫేస్‌బుక్‌లో మీరిచ్చిన చక్కటి జవాబు ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లకు తెలియనే తెలియదు. కాబట్టి మెటా బిజినెస్ సూట్ ఇన్‌బాక్స్ తెరిచి రెండు వైపులా చూడాలి. ప్రకటన నడిచినన్ని రోజులూ పొద్దున, సాయంత్రం చూస్తే చిన్న వ్యాపారానికి సరిపోతుంది.

అపోహ: "సారీ, ఇన్‌బాక్స్‌కి రండి" అంటే చాలు.

నేను ఎక్కువగా గొడవపడేది దీని మీదే. "డియర్ కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, దయచేసి మెసేజ్ చేయగలరు." ఈ వాక్యం బూజుకీ, ఆలస్యానికీ, చిరిగిన చీరకీ ఒకేలా అతుకుతుంది. అంటే కామెంట్ చదవలేదని చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఆ జవాబు ఎవరు చదువుతారో ముందు తేల్చుకోవాలి. ఆవిడ ఒక్కతే చదివేట్టయితే ఫోన్ చేసి మాట్లాడితే పోయేది. కానీ మీరు ప్రకటనకు డబ్బు కడుతున్నారు. రేపు, ఎల్లుండి కొత్తవాళ్లెందరికో ఆ పోస్టు వెళుతుంది. కొనాలా వద్దా అని ఊగుతున్న మనిషి కిందికి జరిపి మొదట చూసేది కామెంట్లే. "నాకూ ఇలా అయితే వీళ్లేం చేస్తారు?" అన్నది ఆ మనిషి ప్రశ్న. మీ జవాబు ఆవిడకు మర్యాదగా, ఆ మనిషికి వివరంగా ఉండాలి. విషయమంతా ఇన్‌బాక్స్‌లోకి తీసుకెళ్లి దాచేస్తే ఆ మనిషికి ఏమీ మిగలదు.

రెండో రకం తప్పు జవాబు ఓనర్ స్వయంగా రాసేది: "మా అమ్మమ్మ కాలం నుంచి పెడుతున్నాం, ఇంతవరకు ఒక్కరూ ఇలా అనలేదు. మీరే తడి చెంచా పెట్టి ఉంటారు." తడి చెంచా వల్ల బూజు పట్టేది నిజమే. ముక్కల పైన నూనె తేలకపోయినా పడుతుంది. దారిలో సీసా వాలి నూనె కారిపోయినా పడుతుంది. ఏది జరిగిందో మీకింకా తెలియదు. ఆవిడేమో మూత తీయగానే అని రాసింది. తెలియని దశలో తప్పు ఆవిడ మీదికి నెడితే, రేపు కారణం కొరియర్ అని తేలినా ఆ మాట వెనక్కి రాదు.

ఈ కామెంట్‌కి నేనైతే ఇలా రాస్తాను:

"(పేరు) గారూ, మూత తీయగానే బూజు కనిపించిందంటే మీకు కోపం రావడం న్యాయమే. ఆ పచ్చడి తినకండి, సీసా మాత్రం పారేయకండి. మూత మీదున్న బ్యాచ్ నంబరు, సీసా ఫోటో మా పేజీ ఇన్‌బాక్స్‌కి పంపండి. ఈ రోజు సాయంత్రం ఆరు లోపు మేమే ఫోన్ చేస్తాం. వేరే సీసా కావాలన్నా, డబ్బు వెనక్కి కావాలన్నా మీ ఇష్టం. ఎందుకిలా అయిందో చూసి ఇక్కడే చెబుతాం. మా వాళ్లెవరూ ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అడగరు."

చివర రాసేవాళ్ల పేరు. "టీమ్" అని పెడితే మళ్లీ మనిషి మాయమవుతాడు.

ఇందులో "బూజు" అన్న ఆవిడ మాటనే మళ్లీ వాడాను. దాన్ని "నాణ్యతా సమస్య" అని మార్చితే చదివేవాళ్లకు ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. "ఎవరూ కొనకండి" అన్న మాటను అసలు ముట్టుకోలేదు. దానికి జవాబిస్తే వాదన అవుతుంది. జవాబులూ లైకులూ పెరిగే కొద్దీ ఆ కామెంట్ వరసలో పైకి వస్తుంది కూడా. టైమ్ చెప్పాను, కానీ నిజంగా ఫోన్ చేయగలిగిన టైమే చెప్పాలి. ప్యాకింగ్ చూసే మనిషి ఆదివారం రాడనుకుంటే "సోమవారం పదకొండు లోపు" అనండి.

ఓటీపీ వాక్యం అతి జాగ్రత్త అనిపించొచ్చు. కోపంగా ఉన్న కస్టమర్ కామెంట్ కనిపించగానే, అదే లోగో పెట్టుకున్న దొంగ అకౌంట్లు "రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని మెసేజ్ పెడతాయి. డబ్బు రావడానికి ఎవరూ ఏదీ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. ఆ సంగతి మీరే ముందు చెప్పాలి. ఆవిడ ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు, ఊరు మాత్రం కామెంట్లలో అడగొద్దు, మీరూ రాయొద్దు.

ఇక చాలామంది మరిచిపోయేది రెండో జవాబు. బ్యాచ్ నంబరు వచ్చింది, ఫోటోలో సీసా బయట నూనె మరకలున్నాయి, అట్టపెట్టె అడుగు తడిసి ఉంది. అదే బ్యాచ్‌లో మీ దగ్గర మిగిలిన సీసాలు తెరిచి చూస్తే బాగానే ఉన్నాయి. అప్పుడు అదే కామెంట్ కింద రాయాలి: "(పేరు) గారూ, ఫోన్‌లో మాట్లాడినట్టే డబ్బు వెనక్కి పంపాం. సీసా దారిలో వాలి నూనె కారింది, నూనె తగ్గిన చోట బూజు పట్టింది. అదే బ్యాచ్‌లో మా దగ్గరున్న సీసాలు తెరిచి చూశాం, బాగున్నాయి. ఇకనుంచి మూత కింద సీల్ వేసి పంపుతున్నాం." డబ్బు పంపిన సంగతి బయట రాసే ముందు ఫోన్‌లోనే ఆవిణ్ని అడగండి. సీల్ నిజంగా వేస్తేనే ఆ మాట రాయండి. మిగతా సీసాల్లోనూ బూజు కనిపిస్తే ఇదంతా పక్కన పెట్టి బ్యాచ్ ఆపేయాలి, కొన్నవాళ్లందరికీ మీరే ఫోన్ చేయాలి.

రెండో జవాబు తర్వాత బహిరంగంగా ఇంకేమీ రాయను. ఆవిడ ఇంకా తిడుతున్నా సరే, మిగిలింది ఫోన్‌లోనే. మూడో జవాబు నుంచి చదివేవాళ్లకు కొత్త సంగతి తెలియదు, పట్టుదల మాత్రమే తెలుస్తుంది.

అపోహ: ఆర్డర్ లిస్టులో పేరు లేకపోతే ఆ కామెంట్ ఫేక్.

కొడుకు డాలస్‌లో కూర్చుని తన నంబరుతో ఆర్డర్ పెడతాడు, సీసా గుంటూరులో అమ్మకు చేరుతుంది, కామెంట్ కోడలు పెడుతుంది. పచ్చళ్ల వ్యాపారంలో ఇది రోజూ ఉండేదే. "మీ పేరుతో ఆర్డర్ కనబడలేదండి, వేరే ఎవరి పేరుతోనైనా పెట్టారేమో ఇన్‌బాక్స్‌లో చెప్పండి" అనండి. నిజంగా పోటీవాళ్ల పనే అయితే ఆ ప్రశ్నకు జవాబు రాదు. చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు.

అపోహ: మనవాళ్లతో పది మంచి కామెంట్లు పెట్టిస్తే అది కిందికి పోతుంది.

పది కామెంట్లూ ఒకే అరగంటలో "సూపర్ టేస్ట్" అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అది అలా ఉంచితే, వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తామే వినియోగదారులమన్నట్టు నటించి తమ సరుకు మీద రివ్యూలు పెట్టకూడదు. ఆ నియమాల్లోనే ఇంకోటుంది: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. పైన చెప్పిన మొదటి జవాబు రాసి, ఫోన్ చేసి, ఆ తేదీలు ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటే, రేపు ఆవిడ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మీ దగ్గర చూపడానికి ఉంటుంది.

అపోహ: ప్రకటన ఆపేసి కొత్తది పెట్టాలి.

కొత్త ప్రకటన అంటే మామూలుగా కొత్త పోస్టు. చెడ్డ కామెంట్‌తో పాటు పాత పోస్టు కింద మంచివాళ్లు రాసినవీ, లైకులూ, మీ రెండు జవాబులూ అన్నీ పోతాయి. సర్దుకున్న ఫిర్యాదు కనబడే పోస్టును నేను ఆపను. కానీ ఒక్క సందర్భంలో వెంటనే ఆపేస్తాను. "తిన్నాక వాంతులయ్యాయి" అని ఎవరైనా రాస్తే ముందు ప్రకటన ఆగాలి, ఆ బ్యాచ్ అమ్మకం ఆగాలి, ఆ తర్వాత ఫోన్. కామెంట్ కింద మాత్రం "ఇప్పుడే ఫోన్ చేస్తున్నాం, ఆ బ్యాచ్ అమ్మకం ఆపాం, ఒంట్లో బాగోకపోతే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అన్న ఒక్క ముక్క. కారణాల గురించి అక్కడ ఏమీ రాయొద్దు. సీసా పరీక్షకు పంపించి, వకీలుతో ఒకసారి మాట్లాడాకే మిగతాది.